సారీలో మీ కథ వద్దు

మీటింగులో నోరు జారారు. పక్కవాళ్లు నవ్వారు. మాట పడ్డ మనిషి తల దించుకుని ల్యాప్‌టాప్‌లోకి చూస్తూ ఉండిపోయారు. ఆ రాత్రి మీకు నిద్ర పట్టలేదు, పొద్దున్నే సారీ చెప్పాలనుకున్నారు. ఇక్కడిదాకా మెచ్చుకోవాల్సిందే. కానీ చాలామంది ఇక్కడి నుంచే చెడగొట్టుకుంటారు. ఆ ఒక్క సారీ చుట్టూ పెద్ద కథ అల్లుతారు.

ఆ కథ వినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మాది శ్రీకాకుళం జిల్లా. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రివ్యూ మీటింగులో నేను నెల లెక్కలు చెబుతుంటే, మా టీమ్ లీడర్ "ఇతను మాట్లాడేటప్పుడు కింద సబ్‌టైటిల్స్ వెయ్యాలి" అన్నారు. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు ఆయన నన్ను క్యాంటీన్‌కి తీసుకెళ్లారు. "నిన్న సరదాకి అన్నాను తమ్ముడూ. పైనుంచి టార్గెట్ల గొడవ, బుర్ర పనిచెయ్యలేదు. నాకు మీ యాసంటే చాలా ఇష్టం, మా మేనత్త వాళ్లది టెక్కలే. నువ్వు ఫీలయ్యుంటే సారీ. ఏమీ అనుకోలేదు కదా?" అన్నారు.

"అయ్యో, పర్లేదు సార్" అన్నాను. టార్గెట్ల గురించి ఆయనకి నేనే ధైర్యం చెప్పి వచ్చాను. ఆ తర్వాత చాలాకాలం మీటింగుల్లో నోరు విప్పలేదు. లెక్కలు మెయిల్లో పంపించి ఊరుకునేవాణ్ని. బాధ కలిగినా 'పర్లేదు' అనేసే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను. 'పర్లేదు' అని వినపడగానే పని అయిపోయిందనుకోకండి. పైఅధికారి ఎదురుగా నిలబడి అడిగితే కింద పనిచేసేవాడు ఇంకేమనగలడు?

ఆయన చెడ్డవారు కాదు, ఆ సారీలో బాధ కూడా నిజమే. లోపమంతా మిగతా మాటల్లో ఉంది. సరదాకి అన్నారట. అంటే సరదా తెలియనివాణ్ని నేనే అన్నమాట. తప్పు టార్గెట్ల మీదికి పోయింది. మేనత్త ఊరు ఆయన మంచితనానికి సాక్ష్యంగా వచ్చింది. 'ఫీలయ్యుంటే' అనేసరికి అసలు ఏదైనా జరిగిందా అన్నదే అనుమానంలో పడింది. ఇన్ని మాటల్లోనూ నిన్న ఆయన అన్నదేమిటో, అది ఎందుకు తప్పో మాత్రం లేదు.

నేను ఎవరికైనా చెప్పే అలవాటు ఒకటే. సారీ చెప్పడానికి వెళ్లే ముందు కాగితం మీద రాయండి, తర్వాత కొట్టేయండి. ఫోన్లో వద్దు. ఫోన్లో టైప్ చేస్తే పంపించెయ్యాలనిపిస్తుంది. కాగితం మీద మనసులో ఉన్నదంతా రాయండి, మీ ఒత్తిడి, మీ ఉద్దేశం, మీ మేనత్త ఊరు అన్నీ. మనసులో ఉన్నవి అక్కడ పడిపోతేనే ఎదుటి మనిషి ముందు నోట్లోంచి రావు. అప్పుడు పెన్ను పట్టుకుని ఒక్కో వాక్యాన్నీ అడగండి: ఈ వాక్యం ఎవరికి పనికొస్తుంది? మిమ్మల్ని మంచివాడిగా చూపించడానికే పనికొస్తే కొట్టేయండి. 'కానీ', 'అసలు', 'నిజానికి' అని మొదలైన వాక్యాలు దాదాపు అన్నీ పోతాయి. 'అయ్యుంటే', 'అనిపించి ఉంటే' అని అనుమానంగా ఉన్నవాటిని 'చేశాను', 'అన్నాను' అని తిరగరాయండి. జవాబు అడిగే చివరి ప్రశ్నను కూడా కొట్టేయండి.

మా టీమ్ లీడర్ సారీకి ఈ పని చేస్తే మిగిలేది ఇంతే: "నిన్న మీటింగులో నీ మాటకి సబ్‌టైటిల్స్ కావాలన్నాను. అందరి ముందు నీ యాసని ఎగతాళి చేశాను. అది తప్పు. సారీ. ఇంకోసారి అలా అనను." చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. అన్నదేమిటో అందులో స్పష్టంగా ఉంది కాబట్టి, వినేవాడు 'నేనేమైనా అతిగా ఊహించుకున్నానా' అని తనని తాను అనుమానించుకోనక్కర్లేదు. ఆ రోజు నాకు కావలసింది అదొక్కటే.

అమెరికాలో లెవికీ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్, ఆయన సహచరులు 2016లో క్షమాపణల మీద ఒక పరిశోధన ప్రచురించారు. క్షమాపణలో ఏ భాగానికి ఎంత బలం ఉందో చూస్తే, తప్పు నాదే అని ఒప్పుకోవడం అన్నిటికన్నా పైన నిలిచింది. నష్టాన్ని సరిచేస్తాననడం దాని తర్వాత. క్షమించమని అడగడం అట్టడుగున. ఎందుకు జరిగిందో వివరించడానికి కూడా అందులో కొంత విలువ దక్కింది కదా అని మీరు వాదించవచ్చు. కానీ వాళ్లు తీసుకున్నది పాత ఉద్యోగంలో ట్యాక్స్ రిటర్న్ తప్పుగా వేసిన అకౌంటెంట్ ఉదాహరణ. లెక్క ఎక్కడ తప్పిందో చెబితే మళ్లీ ఆ తప్పు జరగకుండా చూసుకోవచ్చు, ఆ వివరణ ఎదుటివాళ్లకి అవసరం. మనిషిని కించపరిచిన మాటకి వివరణ ఇస్తే అది సమర్థన అయి కూర్చుంటుంది. అవతలివాళ్లే "ఎందుకలా అన్నారు?" అని అడిగితే ఒక్క వాక్యంలో నిజం చెప్పండి. అడగకపోతే వద్దు.

ఇక సరిచేయడం. మాట అన్నది పదిమందిలో, సారీ చెప్పింది క్యాంటీన్లో. నవ్వినవాళ్లకి సారీ సంగతే తెలియదు, వాళ్లకి ఆ నవ్వు ఇంకా సరైనదే. అందుకే ముందు విడిగా చెప్పి, "వచ్చే మీటింగులో అందరి ముందూ చెప్పమంటావా?" అని అడగండి. వద్దంటే అక్కడితో ఆపండి. ఒప్పుకుంటే మీటింగు మొదట్లోనే "పోయినసారి ఇతని యాస మీద నేనన్న మాట తప్పు" అని ఒక్క వాక్యం చెప్పి వెంటనే పనిలోకి వెళ్లండి. అంతకు మించి లాగితే ఆ మనిషి మళ్లీ అందరి కళ్లలో పడతాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆ రోజో మర్నాడో చెప్పండి, వారం నాన్చకండి. ఎదురుగా చెప్పండి, ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉంటే మెసేజ్ కాకుండా కాల్ చేయండి. స్వీటు పెట్టె, కాఫీ వద్దు. మూడో మనిషితో కబురు పంపడం అసలే వద్దు. వాళ్లు తిట్టినా మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఒకటి మాత్రం మరిచిపోకండి. మీరన్నది లైంగికమైన మాటో కులం మాటో అయితే, ఫిర్యాదు చేసే హక్కు వాళ్లకి చట్టం ఇచ్చింది. దాన్ని ఆపడానికి సారీని వాడకండి.

ఇవన్నీ చేశాక కూడా ఆ మనిషి కొన్నాళ్లు మీతో ముభావంగా ఉండొచ్చు. మీకది భరించలేనట్టుంటుంది, మళ్లీ వెళ్లి "ఇంకా కోపమేనా?" అని అడగాలనిపిస్తుంది. అడగకండి. మాట పడిన మనిషికి మర్చిపోవడానికి ఎంతకాలం పట్టాలో నిర్ణయించేది మీరు కాదు. ఈలోగా వాళ్లు మీటింగులో మాట్లాడుతున్నప్పుడు మధ్యలో కలగజేసుకోకుండా చివరిదాకా వినండి.