అప్‌డేట్‌లో ఏం మారింది? దుకాణదారుకి అర్థమయ్యేలా రాద్దాం

2018 ఫిబ్రవరి ఐఫోన్ వాడే తెలుగువాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘జ్ఞ’ గుణింతంలోని ఒక కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ ఉన్నట్టుండి మూసుకుపోయేది. ఫిబ్రవరి 19న వచ్చిన iOS 11.2.6 దాన్ని సరిచేసింది. కానీ దానితో ఇచ్చిన నోట్‌లో, కొన్ని అక్షరాల వరుసల వల్ల యాప్‌లు ఆగిపోయే సమస్య పోయిందని మాత్రమే ఉంది. ఏ భాషో, ఏ అక్షరమో లేదు. తన ఇబ్బంది తీరిందో లేదో దాన్ని చదివిన తెలుగు మనిషికి ఎలా తెలుస్తుంది?

మనం అలా రాయొద్దు. తిరువూరులోని ఎరువులు, పురుగుమందుల దుకాణాలకు ఒక బిల్లింగ్ యాప్ చేశామనుకుందాం. దాని కొత్త వెర్షన్‌కి కలిసి నోట్ రాద్దాం.

కావలసినవి

యాప్ చేసినవాళ్ల దగ్గరున్న మార్పుల జాబితా, గత వెర్షన్ తర్వాత దుకాణాల నుంచి వచ్చిన ఫోన్లు రాసుకున్న నోటుబుక్కు, పాత వెర్షన్ ఉన్న ఫోను ఒకటి, కొత్తది ఉన్న ఫోను ఒకటి. నోటుబుక్కు తప్పనిసరి. దుకాణదారు వాడే మాటలు దొరికేది అందులోనే.

పద్ధతి

1. ముందు మార్పులన్నీ వరసగా, ఒక్కోటి ఒక్కో లైనులో రాసుకుందాం. మన జాబితాలో నాలుగున్నాయి: సూక్ష్మపోషకాల జీఎస్టీ మార్పు, ప్రింటులో తెలుగు పేర్ల సమస్య, నెట్ లేనప్పుడు బాకీ రెండుసార్లు పడడం, లోపల డేటా దాచే పద్ధతి మార్పు. ఇప్పుడే విడదీయొద్దు. తొందరపడితే ఏదో ఒకటి జారిపోతుంది.

2. ఇప్పుడు ఒక్కోదాన్నీ ప్రశ్నిద్దాం. ఇంతకుముందు యాప్‌లో లేనిదా? అయితే ‘కొత్తవి’. ఉండి సరిగా పనిచేయనిదా? అది ‘సరిచేసినవి’. ఇప్పటికీ పనిచేయడం లేదా? ‘ఇంకా ఉన్న సమస్యలు’. డేటా దాచే పద్ధతి మారినందువల్ల దుకాణదారుకి కనబడే తేడా ఏమీ లేదు కాబట్టి దాన్ని కొట్టేద్దాం.

3. ‘కొత్తవి’ రాద్దాం. సూక్ష్మపోషకాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. ఈ ముక్క రాసి ఆగిపోతే, పాత బిల్లులు కూడా మారిపోయాయేమోనని కంగారుపడి ఫోన్ చేస్తారు. అందుకే మారనిది కూడా చెబుదాం:

> సూక్ష్మపోషకాలకు సెప్టెంబరు 22 నుంచి రాసే బిల్లుల్లో 5 శాతం జీఎస్టీ దానంతటదే పడుతుంది. పాత బిల్లులు 12 శాతంతో అలాగే ఉంటాయి.

4. ‘సరిచేసినవి’లో ప్రతి వాక్యాన్నీ దుకాణదారు కళ్లతో చూసినదానితో మొదలుపెడదాం. ‘ఫాంట్ లోపం సరిచేశాం’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. నోటుబుక్కు తిరగేస్తే, ‘రైతు పేరు వచ్చేచోట గళ్లు పడుతున్నాయి’ అని ఒకాయన అన్నమాట ఉంది. అదే వాడుకుందాం:

> బిల్లు ప్రింటు తీస్తే తెలుగు పేరు బదులు గళ్లు వచ్చేవి. ఇప్పుడు పేరు సరిగా వస్తుంది.

5. ‘ఇంకా ఉన్న సమస్యలు’ దగ్గర నిదానించాలి. ఎప్పుడు వస్తుంది, ఏమవుతుంది, అప్పటిదాకా ఏం చేయాలి, ఈ మూడూ ఉండాలి. డబ్బు లెక్క తప్పే సమస్య అయితే ముందు ఆ సంగతే చెప్పాలి:

> నెట్ లేనప్పుడు అరువు బిల్లు రాస్తే, నెట్ వచ్చాక అదే బాకీ రైతు ఖాతాలో రెండుసార్లు పడొచ్చు. బిల్లు మాత్రం ఒక్కటే ఉంటుంది. రైతు దగ్గర డబ్బు తీసుకునే ముందు ఖాతాలో ఒకే బిల్లు నంబరు రెండుసార్లు ఉందేమో చూడండి. ఉంటే రెండోది తీసేయండి.

రాశాక రెండు ఫోన్లలోనూ మనమే చేసి చూద్దాం. నెట్ ఆపి, బిల్లు రాసి, మళ్లీ పెట్టాలి. ‘తీసేయండి’ అని రాశాం కదా, ఆ మీట నిజంగా ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది.

6. పైన వెర్షన్ నంబరు, తేదీ వేద్దాం. తర్వాత దుకాణంలో బిల్లులు రాసే కుర్రాడికి ఇచ్చి చదవమందాం. మనం నోరు విప్పకూడదు. ‘అంటే?’ అని అతను అడిగిన ప్రతిచోటా వాక్యం మార్చాలి.

సాధారణంగా జరిగే పొరపాట్లు

సగం సరయినదాన్ని ‘సరిచేసినవి’లో వేయడం అన్నిటికంటే చెడ్డది. ఒకసారి నేను అదే చేశాను. ఇలాంటి బాకీ సమస్యే ఒకటి కొన్ని ఫోన్లలోనే పోయింది, నేను మాత్రం పోయిందని రాసేశాను. ఆ మాట నమ్మి ఒక దుకాణదారు ఖాతా సరిచూసుకోవడం మానేశారు. ఒక రైతు దగ్గర రెండుసార్లు డబ్బు తీసుకుని, ఆనక వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. సగమే సరయితే ఏ ఫోన్లలో పోయిందో, ఏ ఫోన్లలో ఉందో చెప్పి మూడో భాగంలోనే ఉంచుదాం.

‘చిన్న చిన్న లోపాలు సరిచేశాం’ అన్న వాక్యం వద్దు. ‘త్వరలో సరిచేస్తాం’ కూడా వద్దు. తేదీ ఖాయంగా తెలిస్తే వేద్దాం, లేకపోతే అప్పటిదాకా చేయాల్సిన పని ఒక్కటే ఉంచుదాం.

సమస్య తీరిన వెర్షన్ వచ్చినప్పుడు, అదే వాక్యాన్ని అవే మాటలతో మూడో భాగం నుంచి రెండో భాగంలోకి తేవాలి. మాటలు మారిస్తే తాను చూసిన సమస్య, ఇప్పుడు తీరిన సమస్య ఒకటేనని దుకాణదారు పోల్చుకోలేరు. రెండుసార్లు పడిన పాత బాకీలు ఖాతాల్లో ఇంకా ఉంటే, వాటిని ఒక్కసారి చూసి తీసేయమని దాని పక్కనే రాద్దాం. కొత్త వెర్షన్ వాటిని దానంతటది తీయదు.