పాలిష్ మిషిన్‌ను ఇంట్లకు రానియ్యకు

ఆదిలాబాద్

బిడ్డా,

నీ ఉత్తరం ముట్టింది. చదివి పక్కకు పెట్టిన్నో లేదో మీ అమ్మ ఫోన్ చేసింది. హాలు మొత్తం పాలిష్ పట్టియ్యనీకి మిషినాయనను మాట్లాడినవట. నాకు రాత్రి నిద్ర పట్టలే. ముందుగాల ఆయనకు వద్దని చెప్పు, తర్వాత మిగతది చదువు.

ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఇంటాయన అడ్వాన్సుల కోస్తడని నీ భయం. మసక ఉంటె కొంత కోస్తడేమో. మిషిన్ తిరిగితె మాత్రం నేలంత కొత్తది వేసియ్యాల్సొస్తది.

కరీంనగర్ల గ్రానైట్ యూనిట్ల నేను పనిచేసినప్పుడు టాన్ బ్రౌన్ బండలను ముతక రాయితోని మొదలువెట్టి, సన్న రాయికి మారుస్తు, నీళ్లు పోస్తు అరగదీస్తుంటిమి. ఎంత అరగదీసినా అడుగున అదే రాయి, అదే రంగు. మా మేస్త్రి బండను నిలవడి చూసేటోడు కాదు. గొంతుక్కూసోని, వెలుతురు ఏటవాలుగ పడేటట్టు చూసేటోడు, మసక ఎక్కడున్నా దొరికేది. తన జొన్నరొట్టెల సగం నాకు పెట్టనిదే ముద్ద ముట్టకపోయేటోడు. నువ్వేమో పొద్దుగాల ఏం తినకుంట ఆఫీసుకు పోతున్నవట! గట్ల చెయ్యకు బిడ్డా.

నీ హాల్ల ఉన్నది రాయి కాదు, లామినేట్. అడుగున గట్టిగ నొక్కిన చెక్కపొడి పలక, దాని మీద కట్టె గీతలు అచ్చేసిన కాయితం, ఆ కాయితం మీద మెలమైన్ పొర. అల్యూమినియం ఆక్సైడ్ పొడి కలుపుతరు గనుకనే ఆ పొర గీతలకు ఆగుతది. గని అది మిల్లీమీటరుల చిన్న వంతే. మిషిన్ దాన్ని తినేసినంక కాయితం, కాయితం పోయినంక చెక్కపొడి. మళ్ల మెరుగు పెట్టనీకి అక్కడ ఏమీ మిగలదు. వంటింట్ల వినైల్‌ది గూడ అదే కథ. దాని మీది పారదర్శక పొర ఇండ్లల్ల 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్లుంటది. ఇసుక కాయితం, ఇత్తడి తోమే పాలిష్, స్టీలు పీచు, బాత్రూం యాసిడ్, ఇవన్ని మిషిన్‌కు తమ్ముండ్లే.

సోఫా ముందట మసక అన్నవు గద, అది అరిగింది కాకపోవచ్చు. ఫినాయిలు, సబ్బు, బోరు నీళ్ల ఉప్పు పొరలు పొరలుగ పేరుకుంటె గట్లనే కనవడ్తది. ఆ మసకల్నే అరచెయ్యంత జాగల చూడు. లీటరు గోరువెచ్చని నీళ్లల్ల గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వెయ్యి. మెత్తటి గుడ్డ ముంచి గట్టిగ పిండు, తుడిచిన జాగ నిమిషంల ఆరాలె. తర్వాత ఉత్త నీళ్ల గుడ్డ, ఆ వెంటనే పొడి గుడ్డ. మెరుపు తేలితె నేల మంచిగనే ఉన్నట్టు, పైన పట్టిందే మురికి. తెల్లటి మసక ఇంక మిగిలితె అది ఉప్పు. లీటరు నీళ్లకు రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి ఒక్కసారి తుడిచి, ఉత్త నీళ్లతోని మళ్ల తుడువు. రోజు వెయ్యకు. బకెట్ కుమ్మరియ్యకు, ఆవిరి మాపు పెట్టకు. అతుకులల్ల నీళ్లు దిగితె చెక్కపొడి ఉబ్బి అంచులు లేస్తయి, ఇగ దానికి మందు లేదు.

ఇగ గీతలు. వేలు తడిచేసి గీత మీద రాయి. తడిగ ఉన్నంతసేపు కనవడకుంట పోయి, ఆరినంక మళ్ల కనవడితె అది మీది పొరలనే ఉన్నట్టు. లామినేట్ మీద దాన్ని ముట్టకు. కొబ్బరి నూనె రాస్తె రెండు రోజులు దాస్తది, తర్వాత దుమ్ము పట్టి జారుడు మొదలైతది. గోరుకు తగిలే లోతు గీతకు ఆ రంగు మైనం కడ్డీ రుద్ది, పాత ఏటీఎం కార్డు అంచుతోని అడ్డంగ గీకితె గుంత నిండుతది. గోధుమ చెక్కపొడి బయటపడ్డ జాగకు మాత్రం పలక మార్చుడే.

వంటింట్ల వినైల్ నిజంగ అరిగి మసకబడితె దానికొక దారి ఉన్నది. పాత పాలిష్, మురికి మొత్తం కడిగి ఆరనిచ్చి, వినైల్ కోసమే చేసిన నీళ్ల అక్రిలిక్ పాలిష్ పలుచగ రెండు పూతలు వెయ్యి. మొదటిది పూర్తిగ ఆరకుంట రెండోది వేస్తె చారలు పడ్తయి. ముందు ఫ్రిజ్ కింద వేసి చూడు. ఆ డబ్బా లామినేట్ దగ్గరికి మాత్రం తేకు, అక్కడ సరిగ పట్టదు, మరకలు మరకలుగ తేలుతది.

నీ దగ్గు తగ్గిందా? ఆ యాలకుల కషాయం తాగినవా, పారబోసినవా?

ఐతారం పొద్దుగాల, కిటికీ వెలుతురు మంచిగున్నప్పుడు సోఫా ముందట చేసి చూడు. మెరుపు తేలిందో, తెల్లగ మిగిలిందో రాయి. సోఫా కాళ్లకు అంటించే ఫెల్ట్ ముక్కలు మీ అన్నతోని పంపుతున్న, అవి అంటించేదాక సోఫా జరుపకు, ఎత్తి పెట్టు.

మీ పెద్దబాపు