తొలి జీతం స్లిప్: చదవడం బేసిక్ దగ్గర మొదలుపెట్టండి

నర్సింహులపేట లాంటి మండలాల నుంచి డిగ్రీయో డిప్లొమానో పూర్తిచేసి హైదరాబాద్‌లో తొలి ఉద్యోగంలో చేరిన వాళ్ల జీతం స్లిప్ చాలాసార్లు ఫోన్లో ఫొటోగా తిరుగుతుంది. దాన్ని ఇంటికి పంపితే వచ్చే మొదటి ప్రశ్న, ‘చేతికి ఎంతొస్తుంది?’ అనే. ఆ ప్రశ్నకు జవాబు స్లిప్‌లో అన్నిటికంటే కింద ఉంటుంది. చూపు నేరుగా అక్కడికే పోతుంది, మిగతా గళ్లు అలాగే మిగిలిపోతాయి. అయితే ఉద్యోగం మంచిదో కాదో, కంపెనీ నిజాయితీగా ఇస్తోందో లేదో ఆ చివరి అంకె చెప్పలేదు. అది చెప్పేది అన్నిటికంటే పైన ఉండే బేసిక్ గడి. పీఎఫ్ దాన్నిబట్టే లెక్కకడతారు. ఇంటద్దె భత్యాన్ని కూడా చాలాచోట్ల అందులో శాతంగానే ఇస్తారు. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీకీ అదే ఆధారం. అందుకే స్లిప్‌ను పైనుంచి కిందికి, ప్రతి గడినీ బేసిక్‌తో ముడిపెట్టి చదవాలి.

ఒక నమూనా స్లిప్ తీసుకుందాం. ఏడాదికి 3 లక్షల ప్యాకేజీ, అంటే నెలకు 25,000 అని ఆఫర్ లెటర్‌లో రాశారు. స్లిప్‌లో ఎడమవైపు ఆదాయం కింద బేసిక్ 10,000, ఇంటద్దె భత్యం 4,000, ప్రయాణ భత్యం 1,600, స్పెషల్ అలవెన్స్ 8,100 ఉన్నాయి. మొత్తం 23,700. కుడివైపు కోతల కింద పీఎఫ్ 1,200, వృత్తి పన్ను 200, ఆదాయపు పన్ను సున్నా. చేతికొచ్చేది 22,300. ‘25 వేలన్నారు, ఇరవై రెండు వేల చిల్లరే ఇచ్చారు’ అనే అనుమానం ఇక్కడే పుడుతుంది. ప్యాకేజీకీ, మొత్తం ఆదాయానికీ మధ్య తగ్గిన 1,300లో 1,200 మీ పేరున కంపెనీ కట్టే పీఎఫ్ వాటా. మిగిలిన 100 పీఎఫ్ నిర్వహణ రుసుముకూ, ఉద్యోగుల బీమా పథకానికీ పోతుంది. వాటిని కంపెనీలు ప్యాకేజీలో కలిపి చెబుతాయి, స్లిప్‌లో మాత్రం చాలాసార్లు చూపించవు.

ఫొటోతో ఒక చిక్కుంది. అంచులు తెగిపోతే కుడివైపు కోతలే కనిపించవు. మడత మీద పడ్డ 8 అంకె 3 లాగా కనిపిస్తుంది. ఇలాంటప్పుడు ఊహించనక్కర్లేదు, లెక్కే చెబుతుంది. పీఎఫ్ అంకె మసకగా ఉంటే బేసిక్‌లో, కరవు భత్యం ఉంటే దాన్నీ కలిపి, 12 శాతం కట్టి చూడండి. పదివేలకు 1,200 రావాలి. మొత్తంలోంచి కోతలు తీసేస్తే చివరి అంకె రావాలి. రాలేదంటే ఏదో గడి ఫొటోలో పడలేదు, లేదా స్లిప్‌లోనే తప్పుంది. ఆ తర్వాత పైన ఉండే నెల పేరు, జీతం ఇచ్చిన రోజుల సంఖ్య చూడండి. నెల మధ్యలో చేరినా, జీతం లేని సెలవు పడినా బేసిక్‌తో పాటు పీఎఫ్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. అది మోసం కాదు. ఇంకొక జాగ్రత్త: స్లిప్ మీద పాన్, బ్యాంకు ఖాతా, 12 అంకెల యూఏఎన్ ఉంటాయి. ఎవరికైనా చూపించి సలహా అడిగే ముందు వాటిని కప్పేయండి.

ఇప్పుడు చివరి అంకె ఎలా తప్పుదారి పట్టిస్తుందో చూద్దాం. రెండో కంపెనీ ఒకటి నెలకు 22,700 ఇస్తానంది, పీఎఫ్ లేదు. వృత్తి పన్ను 200 పోగా చేతికి 22,500 వస్తుంది. చివరి అంకె చూస్తే ఇదే 200 ఎక్కువ. కానీ మొదటి ఉద్యోగంలో మీ వాటా 1,200, కంపెనీ వాటా 1,200 కలిపి నెలకు 2,400 మీ పేరున జమవుతోంది. దాన్ని కలిపితే మొదటిది 24,700. రెండోదానికంటే నెలకు 2,200, ఏడాదికి 26,400 ఎక్కువ. తక్కువ ఇస్తున్నట్టు కనిపించిన ఉద్యోగమే నిజానికి ఎక్కువ ఇస్తోంది. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు సాధారణంగా పీఎఫ్ చట్టం వర్తిస్తుంది కాబట్టి, అంత పెద్ద సంస్థ స్లిప్‌లో పీఎఫ్ గడే లేకపోతే ఎందుకు లేదని అడగడం న్యాయం.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇంటి దగ్గర పంట పెట్టుబడికో, చెల్లెలి ఫీజుకో ఇప్పుడే డబ్బు కావాల్సిన కుటుంబానికి ఎప్పుడో వచ్చే పీఎఫ్ ఏం పనికొస్తుంది? ఆ అవసరం అబద్ధం కాదు. కానీ పీఎఫ్ వర్తించే సంస్థలో బేసిక్, కరవు భత్యం కలిపి 15,000 లోపున్న వారికి పీఎఫ్ తప్పనిసరి. వద్దనే వీలు, అంతకు మించిన జీతంతో తొలిసారి ఉద్యోగంలో చేరేవారికే ఉంది. పైగా పీఎఫ్ వదులుకుంటే పోయేది మీ 1,200 ఒక్కటే కాదు, కంపెనీ కట్టే 1,200 కూడా చేజారుతుంది. 2024-25కు పీఎఫ్ మీద వడ్డీ 8.25 శాతం. వైద్యం, చదువు, పెళ్లి, ఇల్లు వంటి అవసరాలకు నిబంధనల మేరకు మధ్యలో కొంత తీసుకునే వీలుంది.

బేసిక్ తక్కువగా ఉండటం గురించి కూడా ఆలోచించాలి. మన నమూనాలో 8,100 స్పెషల్ అలవెన్స్ దేనికిస్తున్నారు? ప్రత్యేకమైన పనికి కాదు, అందరికీ ప్రతినెలా ఇచ్చేదే. బేసిక్‌ను చిన్నది చేసి పీఎఫ్ భారం తగ్గించుకోవడానికి కంపెనీలు వాడే దారి ఇది. 2019 ఫిబ్రవరి 28న వివేకానంద విద్యామందిర్ కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగులందరికీ మామూలుగా ఇచ్చే ఇలాంటి భత్యాలను పీఎఫ్ లెక్కలో కలపాల్సిందేనని చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు కూడా, మినహాయించే భత్యాలు మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే ఆ దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలంటున్నాయి. తప్పనిసరి పీఎఫ్‌కు 15,000 పరిమితి ఉంది కాబట్టి, ఈ లెక్కన మన నమూనాలో పీఎఫ్ 1,200 కాదు, 1,800 కావాలి. అంటే రెండు వాటాల్లో కలిపి నెలకు 1,200 లోటు. నిజమే, అది సరిచేస్తే ప్యాకేజీ పెరగనంత వరకు చేతికొచ్చేది తగ్గుతుంది. కానీ తగ్గినదంతా దాదాపు మీ ఖాతాకే వెళుతుంది, కంపెనీకి మిగలదు.

కంపెనీ వాటా దగ్గర చాలామంది కంగారుపడే చోటొకటుంది. పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ఉద్యోగి వాటా 1,200 అని, యజమాని వాటా 367 అని కనిపిస్తుంది. మిగిలిన 833 ఎవరో తినేశారనిపిస్తుంది. అది పక్కన పెన్షన్ గడిలో ఉంటుంది. యజమాని ఇచ్చే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ పథకానికీ, 3.67 శాతం పీఎఫ్ ఖాతాకూ పోతాయి. పెన్షన్ భాగానికి నెలకు 1,250 గరిష్ఠ పరిమితి. నెలవారీ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. కాబట్టి ఉద్యోగం మారినప్పుడు కొత్త యూఏఎన్ తీసుకోకుండా పాతదే కొనసాగించాలి. నిజంగా అనుమానించాల్సింది ఇంకొకటి: కోతల వైపు పీఎఫ్ పేరుతో రెండు గళ్లుండి, అందులో యజమాని వాటా కూడా ఉంటే ఎడమవైపు చూడండి. ఆదాయంలో దాన్ని ముందు కలిపి తర్వాత తీసేస్తే అది లెక్క చూపించే పద్ధతి మాత్రమే. ఆదాయంలో కలపకుండానే కోశారంటే యజమాని తాను కట్టాల్సింది మీ చేత కట్టిస్తున్నట్టే. చట్టం దాన్ని ఒప్పుకోదు. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీల ద్వారా చేరినవారు ఈ రెండు వైపులూ తప్పక పోల్చుకోవాలి.

పన్ను గళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. తెలంగాణలో నెల జీతం 15,000 వరకు వృత్తి పన్ను లేదు, 20,000 వరకు 150, ఆపైన 200. ఆదాయపు పన్ను విషయానికొస్తే, 2025-26 నుంచి కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలుపుకొని ఏడాదికి 12.75 లక్షల వరకు జీతానికి పన్ను పడదు. మరి 23,700 జీతంలో 2,370 టీడీఎస్ అని కోసి, పీఎఫ్ గడి ఖాళీగా ఉంటే? సరిగ్గా పది శాతం కోత, పీఎఫ్ లేకపోవడం కలిసి కనిపిస్తే కంపెనీ రికార్డుల్లో మీరు ఉద్యోగి కాకుండా కన్సల్టెంట్‌గా ఉన్నారని అనుమానించాలి. ఆఫర్ లెటర్ మళ్లీ చదవండి. పాన్ సరిగ్గా ఇచ్చి ఉంటే ఆ కోత మీ 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుంది, రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఉద్యోగి హోదా రిటర్న్ వేస్తే రాదు.

ఇంత చదివినా స్లిప్ అనేది కంపెనీ తన మాటగా రాసిచ్చిన కాగితమే. 1,200 కోశామని అది చెబుతుంది. కట్టామనడానికి సాక్ష్యం పాస్‌బుక్. ఒక నెల పీఎఫ్‌ను యజమాని మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. యూఏఎన్ యాక్టివేట్ చేసుకుని, రిజిస్టరైన మొబైల్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ వివరం మెసేజ్‌గా వస్తుంది. ఉమంగ్ యాప్‌లోనూ చూడొచ్చు. ‘కొత్తగా చేరినవాడు ఇవన్నీ అడిగితే హెచ్‌ఆర్ ఏమనుకుంటారో’ అనే భయం సహజమే. పాస్‌బుక్ చూడటానికి ఎవర్నీ అడగక్కర్లేదు. నమోదు ఆలస్యమవుతుంటుంది కాబట్టి ఒక నెల కనిపించకపోతే ఆగొచ్చు. రెండు మూడు నెలలు వరుసగా కోత ఉండి జమ లేకపోతే ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో రాయండి. జవాబు రాకపోతే పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల పోర్టల్‌లో స్లిప్‌లు జతచేసి పెట్టండి. ఉద్యోగి జీతంలోంచి కోసిన పీఎఫ్‌ను కట్టకపోవడం నమ్మకద్రోహం కింద నేరం. అందుకే ప్రతినెలా స్లిప్ ఫొటోతో సరిపెట్టుకోకుండా అసలు పీడీఎఫ్‌ను అడిగి దాచుకోవాలి. ఫొటోలో అంచు తెగితే సాక్ష్యమూ సగమే.

ఈ చదువు తొలి స్లిప్‌తో ఆగదు. తర్వాతి ఉద్యోగం కోసం మాట్లాడేటప్పుడు మామూలుగా బేరం చేతికొచ్చే అంకె మీదే నడుస్తుంది. దానికంటే ముందు మూడు అడగండి: బేసిక్ ఎంత, పీఎఫ్ ఏ మొత్తం మీద కడతారు, యజమాని వాటా ప్యాకేజీ లోపలిదా బయటిదా. ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబొస్తే చివరి అంకెను మీరే వేసుకోగలరు. వాటికి జవాబు చెప్పడానికి తటపటాయించే కంపెనీ చూపించే చివరి అంకె ఎంత పెద్దదైనా సంతకం చేసే ముందు ఆగి ఆలోచించాలి.