రెండేళ్ల అమ్మకాలకు గీతా, కడ్డీలా?

ప్రశ్న: మాది బట్టల దుకాణం. 2023, 2024 నెలవారీ అమ్మకాలు ఎక్సెల్‌లో ఉన్నాయి. లైన్ చార్ట్ వేయాలా, బార్ చార్టా?

జవాబు: మీ విషయంలో లైన్ చార్టే నయం. 24 కడ్డీలు వరుసగా నిలబెడితే చూపు ఒక్కో కడ్డీ ఎత్తు దగ్గరే ఆగిపోతుంది, ఏడాది పొడుగునా అమ్మకాలు ఎటు నడిచాయో తెలియదు. అయితే 24 నెలలకూ ఒకే గీత గీయకండి. అడుగున జనవరి నుంచి డిసెంబరు వరకు పెట్టి, ఏడాదికొకటి చొప్పున రెండు గీతలు వేయండి. ఏ నెలలో పెరిగిందో, ఎక్కడ తగ్గిందో ఇట్టే కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న వచ్చింది. అందుకే 2024 గీత అక్టోబరులో లేచి, నవంబరులో పడిపోవచ్చు. అది వ్యాపారం దెబ్బతిన్నట్టు కాదు, పండగ ముందే వచ్చినట్టు. ఆ రెండు నెలల మొత్తాలు కలిపి పోల్చండి.

ఆ పోలికకు మాత్రం బార్ చార్ట్ వాడండి, ఏడాదికో కడ్డీ చాలు. నిలువు కొలత సున్నా నుంచే మొదలవ్వాలి. లేకపోతే చిన్న తేడా కూడా కొండంత కనిపిస్తుంది.