తిరుపతి కనబడని శిఖరం

లేదు పాపా, సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పలేదు. తిరుమల కొండ మీద మొబైల్ టవర్ పెట్టినట్టు ఊహించి వ్యూషెడ్ తీస్తే అన్నిటికన్నా ఎక్కువ విస్తీర్ణం వచ్చిందనీ, కిందనున్న తిరుపతి మాత్రం నల్లగా మిగిలిందనీ రాశావు. ఆ రెండూ నిజమే. కొండ నెత్తి సూదిమొనలా ఉండుంటే, అంత ఎత్తు నుంచి కింద ఊరు కనబడాలన్న నీ ఊహ సరిపోయేది. కానీ అది విశాలమైన పీఠభూమి, దాని అంచు నిట్టనిలువుగా దిగిపోతుంది. పైన సుమారు 850 మీటర్ల ఎత్తు, కింద ఊరు సుమారు 160, అంటే తేడా దాదాపు 700. అంచుకు 500 మీటర్లు లోపల 40 మీటర్ల టవర్ నిలబెట్టావనుకో. టవర్ కొస నుంచి అంచును తాకుతూ పోయే చూపు 500 మీటర్లకు 40 మీటర్లే దిగుతుంది. మొత్తం 740 మీటర్లు దిగి నేలను తాకాలంటే టవర్ నుంచి తొమ్మిది కిలోమీటర్లు దాటాలి. తిరుపతి, తిరుచానూరు రెండూ ఆ నీడలోనే ఉండిపోతాయి. అంచున పదిమీటర్ల చెట్లుంటే నీడ పన్నెండు కిలోమీటర్ల దాకా సాగుతుంది. ఈ లెక్కకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు, కాగితమూ పెన్సిలూ చాలు. మ్యాపుకు రంగులు వేసే ముందు ఒక్క గీత గీసుంటే ఈ కంగారే ఉండేది కాదు కదా!

మరి ఆ పెద్ద విస్తీర్ణం ఎక్కడిదంటావా? ఎక్కువ భాగం ఎదురుగా ఉన్న శేషాచలం వాలులదే. వ్యూషెడ్ గడులను లెక్కబెడుతుందే గానీ ఆ గడిలో ఇల్లుందో అడవి ఉందో దానికి పట్టదు. అందుకే నేనెప్పుడూ పట్టుబట్టే మాట ఒకటుంది: టవర్ నుంచి చూడొద్దు, ఊళ్ల నుంచి చూడు. ఊరి నుంచి టవర్ కొస కనబడితే, టవర్ కొస నుంచి ఊరూ కనబడుతుంది. కాబట్టి సిగ్నల్ అందని ప్రతి ఊరి దగ్గరా ఒక బిందువు పెట్టి, మనిషి ఎత్తు 1.5 మీటర్లు, అవతల నిలబడబోయే టవర్ 40 మీటర్లు అని చెప్పు:

```
gdal_viewshed -ox $X -oy $Y -oz 1.5 -tz 40 \
  -md 20000 -cc 0.75 -vv 1 dem_utm.tif ooru1.tif
```

కనబడే గడికి 1, మిగతాదానికి 0 వస్తుంది. ఒక్కో ఊరి ఫలితాన్ని ఆ ఊరి జనాభాతో గుణించి, అన్నిటినీ ఒకే హద్దులకు తెచ్చి, ఖాళీ గడులకు 0 ఇచ్చి కూడితే, ఏ గడిలో టవర్ నిలబడితే ఎంతమందికి కనబడుతుందో ఒకే మ్యాపులో తేలిపోతుంది. ఇప్పటికే సిగ్నల్ బాగున్న ఊరికి సున్నా వెయ్యి. లేకపోతే తిరుపతి ఒక్కటే లెక్కనంతా తనవైపు లాగేస్తుంది. ఆ 0.75 ఏమిటని అడుగుతావని తెలుసు. భూమి గుండ్రం వల్ల ఇరవై కిలోమీటర్ల దూరాన నేల 31 మీటర్లు కిందికి పోతుంది. రేడియో తరంగం గాలిలో కాస్త కిందికి వంగుతుంది గనక ఆ నష్టం 23, 24 మీటర్లకు తగ్గుతుంది. మామూలు వెలుతురు కోసం పెట్టిన 0.857ను అలాగే వదిలేస్తే దూరపు ఊళ్ల దగ్గర తేడా వస్తుంది.

రేడియో తరంగం కొండ అంచు మీద కూడా వంగుతుంది కదా, నీడ అంత చిక్కగా ఉండదు కదా అని నీ రెండో అభ్యంతరం. న్యాయమైనదే. చూపు అంచును సరిగ్గా తాకుతూ పోయే చోట శక్తిలో నాలుగో వంతు మిగులుతుంది. కానీ మన లెక్కలో అంచుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న వీధికి చేరాలంటే తరంగం పదిహేను డిగ్రీల దాకా వంగాలి. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అప్పుడు వెయ్యో వంతు కూడా మిగలదు. సరే, టవర్‌ను అంచుకే జరుపుదామంటావా? ఆ వీధి కనబడుతుంది గానీ ఇరవై డిగ్రీల కిందికి కనబడుతుంది. సెక్టార్ యాంటెన్నా కిరణం నిలువునా మామూలుగా కొన్ని డిగ్రీలే ఉంటుంది. కిందికి వంచితే దూరపు ఊళ్లు పోతాయి, వంచకపోతే తరంగం దగ్గరి ఊరి నెత్తి మీదుగా వెళ్లిపోతుంది. పైగా అది నేషనల్ పార్కు అడవి, అనుమతులు వేరే కథ. టీవీ ప్రసారానికైతే అంత ఎత్తు వరమే. మొబైల్‌కు మాత్రం మైదానంలోని ఒక చిన్న గుట్టే చాలాసార్లు మేలు.

ఇక డెమ్ సంగతి. నువ్వు వాడిన ఎస్‌ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది. చెట్ల తలలు కూడా అందులో కొంత కలిసిపోయాయి. చిత్తూరు వైపు మామిడి తోపు మధ్యలో బిందువు పెడితే నీ మనిషి నేల మీద గాక కొమ్మ మీద నిలబడ్డట్టే, లేని చూపు వస్తుంది. బిందువును పక్క గడికి జరిపి మళ్లీ తియ్యి. ఫలితం ఒక్కసారిగా మారిపోతే ఆ ఊరి అంకెను నమ్మకు. రాళ్లగుట్టల దగ్గర ఇది తిరగబడుతుంది. ముప్పై మీటర్ల గడిలో సగటు ఎత్తే ఉంటుంది గనక గుట్ట కొన నిజానికన్నా తక్కువగా కనబడుతుంది.

కూడికలో ఎక్కువ అంకె వచ్చిన మూడు గడులు తీసుకుని, ఒక్కోదాని నుంచి పెద్ద ఊళ్లకు క్యూజీఐఎస్‌లో ఎలివేషన్ ప్రొఫైల్ గీసి పంపు. చూపు నేలను ఎక్కడ ఒరుసుకుంటూ పోతోందో అక్కడ ఎర్ర చుక్క పెట్టు, ఆ చోట చెట్లున్నాయో ఇళ్లున్నాయో శాటిలైట్ బొమ్మలో చూసి రాయి.