ఆగిన చేయి చెప్పే సంగతి
చూపు తగ్గినవారి కోసం ఇంట్లో చేసుకోగల నోట్ల కొలత కార్డు

చూపు, వినికిడి, నడక తగ్గినవారికి పనికొచ్చే వస్తువు తయారు చేయాలంటే ముందు వాళ్ళనే అడగాలి అనుకుంటాం. మేనేజ్‌మెంట్ చదువులో మాకు ప్రశ్నావళి తయారు చేయడం బాగా నేర్పారు. కానీ ఈ విషయంలో ప్రశ్నావళి తొందరగా చేతులెత్తేస్తుంది. "డబ్బు దగ్గర ఏమైనా ఇబ్బంది ఉందా మాస్టారూ?" అని అడిగితే, "ఏం లేదు బాబూ, బాగానే జరిగిపోతోంది" అంటారు. అందులో అబద్ధం లేదు. ఇబ్బందిని తప్పించుకునే దారి వాళ్ళకు ఎప్పుడో అలవాటైపోయింది కాబట్టి అది ఇబ్బందిగా గుర్తుకు రాదు.

అందుకే అడగడంతో పాటు గమనించాలి. దానికి మూడు ప్రశ్నలు చాలు. పనిలో చేయి ఎక్కడ ఆగింది? ఆగినప్పుడు దేన్ని ఆసరా చేసుకుంది? అసలు ఏ పనిని మానేశారు? మూడోది కంటికి కనబడదు కాబట్టి దాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. గమనించే ముందు వారి అనుమతి తీసుకోవాలి. గమనిస్తున్నంతసేపూ మనం సాయం చేయకూడదు. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ చేయి ఆగకముందే నోటు అందించేస్తారు. దాంతో అడ్డంకి మాయమవదు, మనకు కనబడకుండా పోతుంది.

నోట్ల దగ్గర కనిపించింది

మా బ్రాంచికి వచ్చే ఒక పెన్షనర్ విశ్రాంత ఉపాధ్యాయులు. మధుమేహం వల్ల చూపు బాగా తగ్గింది. ఆయన అనుమతితోనే కొన్ని రోజులు ఆయన డబ్బు తీయడం, దాచడం, ఖర్చు చేయడం గమనించాను. కౌంటర్ దగ్గర ఆయనకు చిక్కేమీ లేదు. క్యాషియర్ నోట్లు విడివిడిగా ఇచ్చి, పైకి లెక్కపెట్టి చెబుతాడు. కూరగాయల బండి దగ్గర మాత్రం చేయి ఆగింది. నోటు తీశారు, కంటికి దగ్గరగా పెట్టుకున్నారు, వెలుతురువైపు తిప్పారు, చివరికి దాన్ని జేబులో పెట్టి ఐదు వందల నోటు ఇచ్చేశారు. పెద్ద నోటు ఇస్తే తక్కువ పడుతుందన్న భయం ఉండదు. అదీ ఆయన ఆసరా. ఇక మానేసిన పని ఏమిటంటే, సాయంత్రంపూట ఒంటరిగా బజారుకు వెళ్ళడం. దీపాల వెలుతురులో పసుపు రంగు 200 నోటుకూ, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు 20 నోటుకూ తేడా ఆయనకు తెలియడం లేదు.

రిజర్వ్ బ్యాంకు ఇప్పటికే చేసిన ఏర్పాట్లు ఉన్నాయి. కొత్త వరుస 100 నోటు మీద ఉబ్బెత్తు త్రికోణం, 500 మీద వృత్తం ఉంటాయి. అంచుల్లో ఏటవాలు గీతలూ ఉంటాయి. కానీ నోటు చేతులు మారేకొద్దీ ఆ ఉబ్బు అరిగిపోతుంది. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి చూపుతో పాటు వేలికొసల స్పర్శ కూడా తగ్గవచ్చు. 2020 జనవరి 1న రిజర్వ్ బ్యాంకు తెచ్చిన మణి యాప్ ఫోన్ కెమెరాతో నోటు విలువను పలికి చెబుతుంది. ఇంట్లో అది బాగా పనికొస్తుంది. ఒక చేతిలో సంచి, మరో చేతిలో పర్సు, వెనక మరో ముగ్గురు నిలబడిన బండి దగ్గర ఫోన్ తీయడం కుదరదు.

అరగనిది ఒకటి ఉంది. అది నోటు పొడవు. 2016 చివరి నుంచి వచ్చిన కొత్త వరుసలో 10 నోటు పొడవు 123 మి.మీ., 20 నోటు 129, 50 నోటు 135, 100 నోటు 142, 200 నోటు 146, 500 నోటు 150. పెద్ద నోట్ల మధ్య తేడా 4 మి.మీ. మాత్రమే. విడిగా పట్టుకుంటే అది చేతికి తెలియదు. దాన్ని తెలిసేలా చేయడమే ఈ కార్డు పని.

కార్డు తయారీ

నోటును సగానికి మడిచి కొలిస్తే 4 మి.మీ. తేడా కాస్తా 2 అయిపోతుంది. అందుకే మడత నోటు మధ్యలో కాకుండా, ఎప్పుడూ ఒక చివర నుంచి ఒకే దూరంలో పడాలి. గడువు తీరిన డెబిట్ కార్డు దీనికి సరిపోతుంది. అన్ని బ్యాంకుల కార్డులూ ఒకే కొలతలో, దాదాపు 86 మి.మీ. పొడవుంటాయి. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డు తీసుకుని, చిప్‌కు రంధ్రం పొడవండి.

కార్డు ఎడమ కొస మీద ఐస్‌క్రీం పుల్ల ముక్క ఒకటి అడ్డంగా అంటించండి. నోటు కొసను దానికి ఆనించి, నోటును కార్డు పొడవునా పరిచి, కుడి కొస దగ్గర వెనక్కి మడవాలి. మిగిలిన భాగం కార్డు వెనకవైపు పడుతుంది. నోటు ఎంత పొడవైతే వెనక అంత దూరం వస్తుంది. సగానికి మడవలేదు కాబట్టి 4 మి.మీ. తేడా పూర్తిగా మిగులుతుంది.

గుర్తు ఎక్కడ పెట్టాలన్నదే ఇందులో అసలు మెలకువ. ఒక్కో నోటు ఆగేచోట ఒక్కో గీత పెడదామని ఎవరికైనా తడుతుంది. అలా చేస్తే నోటు అంచు సరిగ్గా గీత మీద పడుతుంది. గీత నోటు కింద ఉందో బయట ఉందో వేలికి తెలియదు. గీతను రెండు నోట్లు ఆగేచోట్ల మధ్యన పెట్టాలి. 10, 20 నోట్ల మధ్య ఒకటి, 20, 50 మధ్య ఒకటి, ఇలా 500 వరకు ఐదు గీతలు. అప్పుడు నోటు కొన్ని గీతలను కప్పేసి, మిగతావి బయట వదులుతుంది. బయట ఉన్న గీతలు లెక్కపెడితే చాలు. ఒక్కటీ తగలకపోతే 500, ఒకటైతే 200, రెండైతే 100, మూడైతే 50, నాలుగైతే 20, ఐదైతే 10.

గీతల స్థానాలను స్కేలుతో కొలవకండి. కార్డు మందం, పుల్ల వెడల్పు లెక్కలో తేడా తెస్తాయి. మడతలు లేని మంచి నోట్లను ఒక్కొక్కటిగా కార్డుకు చుట్టి, అవి ఆగినచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తుల మధ్యన, బట్టల మీద పెయింటింగ్ వేసేవారు వాడే త్రీడీ అవుట్‌లైనర్‌తో ఉబ్బెత్తు గీతలు గీసి ఒక రాత్రి ఆరనివ్వండి.

పొరపాటు చెప్పే నోట్లు

ఈ కార్డుకు తెలియని నోట్లు ఇంకా బజారులో ఉన్నాయి. పాత వరుస నోట్లు చెల్లుతాయి కానీ వాటి కొలతలు వేరు. పాత 10 నోటు 137 మి.మీ. ఉండడంతో కార్డు దాన్ని 50 అని చెబుతుంది. పాత 20, పాత 50 రెండూ 147 కాబట్టి 200లా తగులుతాయి. పాత 100 నోటు 157 మి.మీ. ఉండి 500లా కనిపిస్తుంది. ప్రతిసారీ పొరపాటు ఎక్కువ విలువవైపే జరుగుతుంది. చిల్లర తీసుకునేటప్పుడు ఇది నష్టం.

దీన్ని పట్టేది నోటు వెడల్పు. కొత్త వరుసలో 50 నుంచి పైనున్న నోట్లన్నీ 66 మి.మీ. వెడల్పు. పాత 10, 20 నోట్లు 63 మాత్రమే. పాత 50, 100 నోట్లు 73. కాబట్టి కార్డు ముందువైపు మరో రెండు గీతలు కావాలి. నోటును అడ్డం తిప్పి పుల్లకు ఆనిస్తే 63కీ 66కీ మధ్య ఒకటి, 66కీ 73కీ మధ్య ఇంకొకటి వచ్చేలా గీయండి. కార్డు 50 గానీ అంతకంటే ఎక్కువ గానీ చెప్పినప్పుడు వెడల్పు కూడా చూడాలి. నోటు మొదటి గీతను కప్పి రెండోదాన్ని వదిలితే అది కొత్త నోటు, కార్డు మాట సరైనదే. రెంటినీ వదిలినా, రెంటినీ కప్పినా పాత నోటు. దాన్ని పక్కన పెట్టి తెలిసినవారికి చూపించాలి.

కొస చిరిగినా, ముడుచుకున్నా కూడా లెక్క తప్పుతుంది. అందుకని నోటును రెండో కొస నుంచి తిప్పి మరోసారి చుట్టాలి. రెండుసార్లూ ఒకే సంఖ్య రాకపోతే ఆ నోటును నమ్మకూడదు. నోటు అసలుదా నకిలీదా అన్నది మాత్రం ఈ కార్డు చెప్పదు. మణి యాప్ కూడా చెప్పదు.

వాడకంలో మారిన ఆలోచన

కార్డు ఇచ్చాక మాస్టారిని మళ్ళీ గమనించాను. బండి దగ్గర ఆయన దాన్ని బయటికి తీయనేలేదు. "నలుగురిలో నోటును చుట్టి కొలుస్తుంటే ఏం బాగుంటుంది బాబూ?" అన్నారు. కానీ రాత్రి భోజనమయ్యాక బల్ల ముందు కూర్చుని మర్నాటికి నోట్లు వేరు చేసుకోవడానికి దాన్నే వాడుతున్నారు. అంటే ఆయనకు కావలసింది బజారులో నోటును గుర్తుపట్టే సాధనం కాదు. గుర్తుపట్టే పనిని తొందరలేని చోటికి మార్చే ఏర్పాటు.

దాంతో కార్డుకు ఒక గుడ్డ పర్సు తోడైంది. అందులో నాలుగు అరలు. మొదటి మూడింటిలో 50, 100, 200 నోట్లు వేరుగా ఉంటాయి. నాలుగో అరకు గుండీ ఉంటుంది. తిరిగి వచ్చిన చిల్లర చూడకుండా అందులోకి వెళుతుంది, రాత్రి కార్డు దగ్గర తేలుతుంది. వచ్చిన డబ్బు ఇవ్వాల్సిన డబ్బులో కలవకపోవడమే ఆ గుండీ ప్రయోజనం. చిల్లర తక్కువ వస్తే అక్కడికక్కడే తెలియదన్నది నిజమే. అందుకే ఆయన తెలిసిన బండి దగ్గరే కొంటారు, చిల్లర ఎక్కువ రాకుండా సరిపడా నోట్లే ఇస్తారు. సాయంత్రం బజారు మళ్ళీ మొదలైంది.

మీ ఇంట్లో ఈ కార్డు చేస్తే దాన్ని మీరు కళ్ళు మూసుకుని పరీక్షించకండి. చూపు తగ్గినవారు కళ్ళు మూసుకున్నవారిలా పని చేయరు. మిగిలిన కాస్త చూపునూ, ఏళ్ళ అలవాటునూ వాడుకుంటారు. వాడేవారి చేతికే పాతవీ కొత్తవీ కలిపిన ఇరవై నోట్లు ఇవ్వండి, మీరు మాట్లాడకుండా కూర్చోండి. ఎక్కడ తప్పు వచ్చిందో రాసుకోండి. వరుసగా రెండు గీతలను ఒకటిగా లెక్కపెడుతుంటే ఒక గీతను పొడవుగా, పక్కదాన్ని పొట్టిగా గీయండి. పక్షవాతం వచ్చి ఒక చేయి పని చేయనివారైతే నోటు చుట్టేటప్పుడు కార్డు జారిపోతుంది. వారికి పుల్ల బదులు కాగితాలు పట్టి ఉంచే గట్టి క్లిప్పు బిగించి, కార్డును బల్ల అంచున నిలబెట్టాలి. అప్పుడు కొస ఆనే చోటు మారుతుంది కాబట్టి గీతలన్నీ ఆ క్లిప్పుతోనే, నోట్లు చుట్టి, మళ్ళీ మొదటి నుంచి గీయాలి.