కంపెనీ చేతులు మారితే చిన్న వాటాదారు హక్కేమిటి?

ప్రశ్న: మాది తాడిపత్రి. నాన్నగారు కొన్న ఒక సిమెంటు కంపెనీ షేర్లు వంద నా డీమ్యాట్ ఖాతాలో ఉన్నాయి. కంపెనీ యాజమాన్యం మారుతోందని, మా షేర్లూ కొంటామని ‘లెటర్ ఆఫ్ ఆఫర్’ వచ్చింది. అమ్మి తీరాలా?

జవాబు: అక్కర్లేదు. ఓపెన్ ఆఫర్ మీకున్న హక్కే తప్ప నిర్బంధం కాదు. అమ్మకపోతే షేర్లు మీవిగానే ఉంటాయి.

కంపెనీని నమ్మి డబ్బు పెట్టినవారికి యజమాని మారితే బయటపడే దారి ఉండాలి. అధికారంతో పాటు వచ్చే ఎక్కువ ధర ప్రమోటర్లకే దక్కడం న్యాయం కాదు. అందుకే సెబీ 2011 నిబంధనల ప్రకారం, లిస్టెడ్ కంపెనీలో 25 శాతం ఓటింగ్ హక్కులు చేరేలా వాటా కొన్నా, నియంత్రణ చేజిక్కించుకున్నా, మిగతా వాటాదారుల నుంచి కనీసం మరో 26 శాతం కొంటామని ప్రకటించాలి.

కడప జిల్లా చిలమకూరులో ఫ్యాక్టరీ ఉన్న ఇండియా సిమెంట్స్ సంగతే చూడండి. 2024 జూన్‌లో అల్ట్రాటెక్ అందులో దాదాపు 23 శాతం కొంది. 25 దాటలేదు కాబట్టి ఓపెన్ ఆఫర్ అవసరం రాలేదు. జూలైలో ప్రమోటర్ల వర్గం నుంచి షేరు రూ.390 చొప్పున మరో 32.72 శాతం కొనడానికి ఒప్పందం చేసుకుంది. దాంతో సామాన్య వాటాదారులకూ అదే రూ.390 ఇవ్వజూపింది. ప్రమోటర్లకిచ్చిన ధరకంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదు.

అయితే ఇచ్చిన షేర్లన్నీ తీసుకోవాలని లేదు. ఆ కంపెనీలో ఒప్పందం తర్వాత ఇతరుల చేతిలో మిగిలింది 44.51 శాతం, ఆఫర్ 26 శాతానికే. అందరూ ఇచ్చి ఉంటే వందకు సుమారు 58 షేర్లే తీసుకునేవారు. మిగిలినవి ఖాతాకు తిరిగొస్తాయి.

ఆఫర్ పది పనిదినాలు తెరిచి ఉంటుంది. మీ బ్రోకరు ద్వారానే షేర్లు ఇవ్వాలి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. కాబట్టి ముందు స్వతంత్ర డైరెక్టర్ల కమిటీ సిఫార్సు చదవండి, ఆ రోజు మార్కెట్ ధర చూడండి. 2009లో సత్యంకు టెక్ మహీంద్రా రూ.58 ఇస్తానంది. మార్కెట్లో అంతకంటే ఎక్కువ పలుకుతుండడంతో షేర్లు ఇచ్చినవారు దాదాపు లేరు.

ఈ రక్షణ లిస్టెడ్ కంపెనీలకే. మీ దగ్గరి తలారిచెరువు ఫ్యాక్టరీ ఉన్న పెన్నా సిమెంట్‌ను 2024లో అంబుజా కొన్నా, అది లిస్టెడ్ కాదు కనుక ఓపెన్ ఆఫర్ లేదు.

ఆఫర్ ముగిశాక పది పనిదినాల్లో డబ్బు రాకపోతే ముందు ఆఫర్ మేనేజర్‌కు రాయండి. అప్పటికీ పరిష్కారం కాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్లో ఫిర్యాదు చేయండి. లెటర్ ఆఫ్ ఆఫర్ మాత్రం పారేయకండి, అదే మీ ఆధారం.